చలికాలం పొద్దున తిరుపతి మీద పొగ ఎందుకు కదలదు? తరచుగా అడిగే ప్రశ్నలు

ధనుర్మాసం నుంచి మాఘం దాకా ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. వాకింగ్‌కి వెళ్లేవాళ్లు అడుగుతారు, ఆస్తమా ఉన్న పిల్లల తల్లిదండ్రులు అడుగుతారు, భోగి మర్నాడైతే అందరూ అడుగుతారు. అందుకే ఒకచోట రాసి పెట్టాను. సాయంత్రం నుంచి మర్నాడు మధ్యాహ్నం దాకా జరిగే వరుసలో ప్రశ్నలను పేర్చాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## రాత్రి: మూత పడే వేళ

ఇన్వర్షన్ అంటే ఏమిటి? ఒక్క ముక్కలో చెప్పండి.

మామూలుగా పైకి వెళ్లేకొద్దీ గాలి చల్లబడుతుంది. కిలోమీటరు ఎత్తుకు సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. తిరుపతి కంటే తిరుమల సుమారు 700 మీటర్లు ఎత్తులో ఉంది కాబట్టి అక్కడ నాలుగైదు డిగ్రీలు చల్లగా ఉండటం మనకు అనుభవమే. చలికాలపు రాత్రుల్లో నేల దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. కింద చల్లటి గాలి, దాని మీద వెచ్చటి గాలి ఉంటాయి. దీన్నే ఉష్ణోగ్రతా విలోమం, ఇన్వర్షన్ అంటారు. చల్లటి గాలి బరువు, వెచ్చటి గాలి తేలిక. బరువైనది కిందా తేలికైనది పైనా ఉంటే రెండూ కలవడానికి కారణమేమీ ఉండదు. గిన్నె మీద మూత పెట్టినట్టు, కింద పుట్టిన పొగ కిందే ఉండిపోతుంది.

మరి నేల దగ్గరే ముందు చల్లబడటం ఎందుకు?

పొద్దు గుంకగానే ఎండ రాబడి ఆగిపోతుంది, నేల ఖర్చు మాత్రం ఆగదు. పగలు దాచుకున్న వేడిని పరారుణ కిరణాల రూపంలో ఆకాశంలోకి వదులుతూనే ఉంటుంది. గాలి ఆ పని అంత బాగా చేయలేదు. కాబట్టి ముందు నేల చల్లబడుతుంది, తర్వాత నేలను తాకుతున్న గాలి చల్లబడుతుంది, ఆ పైన ఉన్నది నెమ్మదిగా చల్లబడుతుంది. చల్లదనం కింది నుంచి పైకి పాకుతుంది. రాత్రి 8 గంటలకు కొన్ని పదుల మీటర్లే ఉన్న చల్లటి పొర తెల్లవారేసరికి 100 నుంచి 300 మీటర్ల దాకా పెరగవచ్చు.

దీనికి మూడు పరిస్థితులు అనుకూలించాలి: రాత్రి పొడుగ్గా ఉండాలి, ఆకాశం తేటగా ఉండాలి, గాలి వీచకూడదు. జనవరిలో తిరుపతికి ఈ మూడూ దొరుకుతాయి. సాయంత్రం 6 ప్రాంతంలో పొద్దు గుంకితే మర్నాడు 6:40 ప్రాంతానికి గానీ ఉదయించడు. ఈశాన్య రుతుపవనం వెళ్లిపోయి మబ్బులూ ఉండవు.

మబ్బు పట్టిన రోజు చలీ ఉండదు, పొగా ఉండదు. రెంటికీ సంబంధం ఉందా?

ఉంది. నేల వదిలిన పరారుణ వేడిని మబ్బు పీల్చుకుని అందులో చాలా భాగాన్ని మళ్లీ కిందికే పంపుతుంది. నేల పెద్దగా చల్లబడదు కాబట్టి విలోమం బలహీనంగా ఉంటుంది, ఒక్కోసారి అసలు ఏర్పడదు. అందుకే నవంబరులో అల్పపీడనం పట్టిన వారంలో బండ్లు అన్నే తిరిగినా పొద్దున గాలి తేలిగ్గా అనిపిస్తుంది. వాన కడిగేయడం వల్ల కలిగే మేలు దీనికి అదనం.

చలి ఎక్కువైతే పొగ కూడా ఎక్కువవుతుందా?

చలి ఎంత అన్నదాన్ని బట్టి కాదు, కిందికీ పైకీ తేడా ఎంత అన్నదాన్ని బట్టి ఉంటుంది. గాలి బాగా వీస్తున్న రాత్రి ఎంత చలిగా ఉన్నా, ఆ గాలి పొరలను కలిపేస్తుంది. గంటకు పది పన్నెండు కిలోమీటర్లు దాటిన గాలి రాత్రంతా వీస్తే నేల దగ్గర బలమైన విలోమం నిలవడం కష్టం. ఆకు కదలని రాత్రి, చలి ఓ మోస్తరుగా ఉన్నా, పొద్దున గొంతు గరగరలాడుతుంది.

కొండ పక్కనే ఉండటం మనకు మంచిదా చెడ్డదా?

రెండూ. పగలు మంచిదే. ఎండ తగిలిన కొండవాలు వెంట గాలి పైకి పాకి ఊళ్లోని గాలిని కొంత కదిలిస్తుంది. రాత్రి వాలు చల్లబడుతుంది. దానికి ఆనుకున్న చల్లటి గాలి బరువెక్కి, నీళ్లు పల్లానికి పారినట్టే, కపిలతీర్థం, అలిపిరి వైపు నుంచి నెమ్మదిగా ఊళ్లోకి దిగుతుంది. అది వేగమైన గాలి కాదు, చెంపకు తగిలీ తగలనట్టు ఉంటుంది. పొగను తరిమేంత బలం దానికి లేదు. కింద చల్లటి పొరను ఇంకాస్త మందం చేయడానికి మాత్రం సరిపోతుంది.

ఇంకోటి, శేషాచలం గోడ ఊరికి ఉత్తరాన అడ్డంగా ఉంది. దక్షిణాన స్వర్ణముఖి వైపు నేల తెరిచే ఉంది కాబట్టి తిరుపతి అన్ని వైపులా మూసుకున్న గిన్నె కాదు. చంద్రగిరి వైపు రెండు పక్కలా కొండలు దగ్గరగా ఉన్న చోట్ల చల్లగాలి ఇంకా సులువుగా గుమికూడుతుంది. పొద్దున చంద్రగిరి దారిలో పల్లపు చోట్ల మంచు పట్టి, మిట్ట ఎక్కగానే విడిపోవడం ఆ దారిన తిరిగేవాళ్లకు తెలిసిందే.

## తెల్లవారుజాము: పొగ పేరుకునే వేళ

పొద్దున 5 గంటలకు రోడ్డు మీద బండ్లే ఉండవు కదా, మరి పొగ ఎక్కడిది?

అందులో చాలా భాగం నిన్న రాత్రిది. సాయంత్రం 6 నుంచి 10 దాకా బస్టాండు చుట్టూ, లీలామహల్ సర్కిల్ దగ్గర, తిరుచానూరు రోడ్డులో ట్రాఫిక్ బాగా ఉంటుంది. హోటళ్ల పొయ్యిలు, వీధి చివర తగలబెట్టిన చెత్త దానికి తోడవుతాయి. సరిగ్గా అదే సమయంలో మూత పడటం మొదలవుతుంది. తర్వాత బండ్లు తగ్గినా, ముందే చేరిన పొగకు పోయే దారి ఉండదు. సన్నటి కణాలు తమ బరువుతో కిందికి రాలిపోతాయని అనుకుంటారు గానీ 2.5 మైక్రాన్ల లోపు ఉండే పీఎం 2.5 కణం రాలే వేగం చాలా తక్కువ, ఒక రాత్రికి కొన్ని మీటర్లే. వాన పడాలి, లేదా గాలి వచ్చి మోసుకుపోవాలి. రెండూ లేకపోతే గాల్లోనే ఉంటుంది. దాని మీద తెల్లవారుజామున పాల వ్యాన్లు, ఆలయానికి వచ్చే టాక్సీలు, బస్సులు కొత్త పొగ కలుపుతాయి.

మధ్యాహ్నం ట్రాఫిక్ ఇంకా ఎక్కువ. అప్పుడు లేని పొగ పొద్దున ఎందుకు?

ఈ ప్రశ్నలోనే అసలు విషయం ఉంది, కాబట్టి చిన్న లెక్క చేద్దాం. పొగ ఎంత పలచబడుతుంది అన్నది రెండింటి మీద ఆధారపడి ఉంటుంది: అది కలవడానికి ఎంత ఎత్తు దొరికింది, దాన్ని పక్కకు తీసుకెళ్లే గాలి ఎంత వేగంగా వీస్తోంది. ఈ రెంటినీ గుణిస్తే వచ్చేదాన్ని వెంటిలేషన్ కోఎఫిషియెంట్ అంటారు.

జనవరి మధ్యాహ్నం గాలి కలిసే ఎత్తు 1500 మీటర్లు, గాలి వేగం సెకనుకు 3 మీటర్లు అనుకుందాం. గుణిస్తే 4500. తెల్లవారుజామున ఎత్తు 150 మీటర్లు, వేగం సెకనుకు 1 మీటరు. గుణిస్తే 150. అంటే 30 రెట్ల తేడా. అదే పొగను, ఒక్క బండి కూడా పెంచకుండా, 30వ వంతు చోటులో కుక్కినట్టు అయింది.

గాల్లో పొగ ఎంతుందో కొలిచే మీటరు మీద మాత్రం 30 రెట్లు కనిపించదు. మధ్యాహ్నం బండ్లు ఎక్కువ, పైగా ఊరి బయటి నుంచి వచ్చే దుమ్మూ పొగా పగలూ రాత్రీ కొంత ఉండనే ఉంటాయి. కానీ పొద్దున పొగకు కారణం వెతుకుతూ బండ్లు మాత్రమే లెక్కపెట్టేవాళ్లకు ఎప్పుడూ లెక్క కుదరదు. ఎత్తు కూడా లెక్కలోకి రావాలి.

భోగి మంటల పొగ మామూలు రోజు పొగ కంటే ఎందుకంత ఘాటుగా ఉంటుంది?

మంట వేసే వేళ అలాంటిది. తెల్లవారుజామున నాలుగైదు గంటలకు మూత బాగా గట్టిపడి ఉంటుంది, ఎండ రావడానికి ఇంకా రెండు గంటలు ఉంటుంది. పొగ వేయడానికి రోజు మొత్తంలో ఇంతకంటే చెడ్డ సమయం లేదు.

ఉజ్జాయింపు లెక్క ఒకటి చూడండి. ఊరు 5 కిలోమీటర్ల పొడవు, 5 కిలోమీటర్ల వెడల్పు అనుకుందాం, గాలి కదలడం లేదు, మూత 150 మీటర్ల ఎత్తులో ఉంది. ఆ పొరలోని గాలి 375 కోట్ల ఘనపు మీటర్లు. ఊరు మొత్తంలో 1000 మంటలు, ఒక్కోదాంట్లో 20 కిలోల కట్టె. బయట మండే కట్టె కిలోకు సుమారు 10 గ్రాముల సన్నటి కణాలు వదులుతుంది, తడి కట్టె అయితే ఇంకా ఎక్కువ. మొత్తం 200 కిలోలు. ఆ గాలి అంతటా సమంగా పరిస్తే ఘనపు మీటరుకు 53 మైక్రోగ్రాములు. మన దేశంలో పీఎం 2.5కి 24 గంటల సగటు పరిమితి 60. అంటే ఇతర పొగను లెక్కలోకి తీసుకోకుండానే, గంటసేపటి మంటలతో దాదాపు పరిమితి దాకా వచ్చేశాం. అవే మంటలు మధ్యాహ్నం 1500 మీటర్ల ఎత్తు దొరికినప్పుడు వేస్తే పెరిగేది 5 మైక్రోగ్రాములు మాత్రమే.

మంట పక్కన నిలబడ్డవాళ్లకు ఈ సగటు వర్తించదు, వాళ్లు పీల్చేది చాలా ఎక్కువ. పాత టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు వేస్తే లెక్కే మారిపోతుంది. ఆవు పిడకలు, ఎండు కట్టెలతో సరిపెట్టే వీధికీ టైరు వేసే వీధికీ తేడా ముక్కుకే తెలుస్తుంది. మన పక్కనే ఉన్న చెన్నైలో 2018 భోగి నాడు పొగ, మంచు కలిసి కమ్మేయడంతో విమానాశ్రయంలో రాకపోకలు గంటల తరబడి దెబ్బతిన్నాయి. ఎన్నో విమానాలను వేరే ఊళ్లకు మళ్లించారు.

కనిపించేది మంచా, పొగా? ఎలా తెలుసుకోవాలి?

తరచుగా రెండూ కలిసే ఉంటాయి. వట్టి మంచు తెల్లగా ఉంటుంది, వాసన ఉండదు, ముఖానికి తడి తగులుతుంది, బైక్ అద్దం మీద బొట్లు కడుతుంది. పొగ బూడిద రంగులోనో లేత గోధుమ రంగులోనో ఉంటుంది, ముక్కులో కాలిన వాసన, కళ్లలో మంట. మసి, నైట్రోజన్ డయాక్సైడ్ ఆ గోధుమ రంగుకు కారణాలు.

ఇక్కడ కళ్లు ఒక మోసం చేస్తాయి. గాల్లో తేమ 90 శాతం దాటితే పొగ కణాలు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి. ఉబ్బిన కణం వెలుగును ఎక్కువ చెదరగొడుతుంది. కాబట్టి అంతే పొగ ఉన్నా తేమ ఎక్కువైన రోజు ఎదుటి బిల్డింగ్ కనిపించదు. కనిపించే దూరం సగమైందంటే పొగ రెట్టింపైందని అర్థం కాదు. ఆ మాట మీటరు చెప్పాలి.

ఏ పరికరమూ లేకుండా ఇన్వర్షన్ ఉందో లేదో ఇంటి నుంచే చెప్పగలమా?

చాలావరకు చెప్పొచ్చు. దూరంగా ఎక్కడైనా పొయ్యి పొగ లేస్తుంటే చూడండి. కొంత ఎత్తు లేచి, అక్కడ తల అడ్డం తగిలినట్టు ఆగి, పక్కలకు చాపలా పరుచుకుంటే పైన వెచ్చటి పొర ఉన్నట్టే. మధ్యాహ్నం అదే పొగ మెలికలు తిరుగుతూ పైకి పోయి చెదిరిపోతుంది.

చెవి కూడా పనికొస్తుంది. వెచ్చటి గాలిలో శబ్దం వేగంగా ప్రయాణిస్తుంది కాబట్టి, పైన వెచ్చగా ఉన్నప్పుడు శబ్ద తరంగం కిందికి వంగి దూరాలకు చేరుతుంది. పగలు వినపడని రైలు కూత పొద్దున మాత్రం స్పష్టంగా వినిపిస్తోందంటే ఊరు నిశ్శబ్దంగా ఉండటం ఒక్కటే కారణం కాదు. ఈ గుర్తు నాకు అన్నిటికంటే ఇష్టం, పరుపు మీద నుంచి లేవకుండానే తెలిసిపోతుంది!

మూడోది కొండ. పొద్దున్నే గాలిగోపురం దగ్గర నుంచి కిందికి చూస్తే ఊరి మీద పొర, దాని పైఅంచు గీత గీసినట్టు సమంగా కనిపిస్తుంది. ఆ గీతే మూత. పొద్దున్నే ఘాట్ రోడ్డులో కొండ దిగే బైకువాళ్లకు చివరి మలుపుల్లో చలి తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. అది కూడా ఇదే.

ఐదో అంతస్తులో ఉంటే తప్పించుకున్నట్టేనా?

లేదు. ఐదో అంతస్తు అంటే 15 మీటర్లు, మూత ఉండేది 100 మీటర్ల పైన. రోడ్డు మీది తాజా పొగ, దుమ్ము కాస్త తక్కువగా ఉంటాయి, అంతే. నిజంగా పొరపైకి వెళ్లాలంటే కొండెక్కాలి. తిరుమల మామూలుగా ఈ పొరకు చాలా పైన ఉంటుంది. అయితే అక్కడి బస్సుల పొగ అక్కడిదే, అది ఊరి మూతతో సంబంధం లేకుండా పుడుతుంది.

## ఎండ వచ్చాక: మూత లేచే వేళ

సూర్యుడు వచ్చి గంటైనా పొగ ఎందుకు పోదు?

ఎండ గాలిని నేరుగా పెద్దగా వేడి చేయదు. ముందు నేల వేడెక్కాలి, నేల గాలిని వేడి చేయాలి, ఆ వెచ్చటి గాలి లేచి పైపొరలను ఒక్కొక్కటిగా కరిగించాలి. ఎంత సేపు పడుతుందో అంకెలతో చూద్దాం.

నేల దగ్గర 17 డిగ్రీలు, 150 మీటర్ల ఎత్తులో 20 డిగ్రీలు ఉన్నాయనుకోండి. నేల దగ్గరి గాలి పైకి లేస్తూ 100 మీటర్లకు దాదాపు 1 డిగ్రీ చల్లబడుతుంది. కాబట్టి అది 150 మీటర్లు లేచాక కూడా 20 డిగ్రీలు ఉండాలంటే కింద 21.5 డిగ్రీలతో బయల్దేరాలి. అంటే నేల దగ్గర నీడలో థర్మామీటరు 21.5 చూపించే దాకా మూత పూర్తిగా లేవదు. నేల దగ్గర 17 నుంచి 21.5కి చేరేలా మొత్తం పొరను వేడి చేయడానికి చదరపు మీటరు నేల మీద సుమారు 4 లక్షల జౌళ్ల వేడి కావాలి. పొద్దుటి ఏటవాలు ఎండలో చాలా భాగం మంచు ఆరబెట్టడానికీ, నేలను వేడి చేయడానికీ పోతుంది. గాలికి దక్కేది మొదటి రెండు గంటల్లో చదరపు మీటరుకు సగటున 50 వాట్లు అనుకుంటే, రెండుంపావు గంటలు పడుతుంది. 6:40కి ఉదయిస్తే, 9 దగ్గర పడుతుంది.

మనం పొద్దున చూసేది దాదాపు ఇదే. దట్టమైన మంచు ఉన్న రోజు అది ఎండను తిప్పి కొడుతుంది కాబట్టి 10 కూడా దాటొచ్చు.

8 గంటలకు తగ్గాల్సింది పోయి మీటరు ఒక్కసారిగా పెరుగుతుంది. మీటరు పాడైందా?

పాడవలేదు. రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. ఒకటి స్కూలు బస్సులు, ఆఫీసు ట్రాఫిక్. రెండోది కొంచెం ఆశ్చర్యంగా ఉంటుంది. నేల దగ్గరి చల్లటి పొరకు పైన, నిన్న పగలు లేచిన పొగ కొంత రాత్రంతా వేలాడుతూ ఉంటుంది. రాత్రి అది కిందికి రాలేదు, ఎందుకంటే మూత అటు నుంచి కూడా మూతే. పొద్దున కింది గాలి వేడెక్కి తిరగడం మొదలుపెట్టి ఆ ఎత్తును తాకగానే, పైన వేలాడుతున్న పొగను కిందికి లాక్కుంటుంది. దీన్ని ఫ్యూమిగేషన్ అంటారు. ఎత్తైన చిమ్నీ ఉన్న ఫ్యాక్టరీకి గాలి వాలున ఉండే ఊళ్లలో ఇది బాగా కనిపిస్తుంది. రాత్రంతా తేటగా ఉండి ఎండ పొడిచాక పొగ దిగుతుంది. అరగంట, గంటలో సర్దుకుని తర్వాత వేగంగా తగ్గుతుంది.

కొన్ని రోజులు మధ్యాహ్నం కూడా మసగ్గానే ఉంటుంది. అప్పుడు మూత లేవలేదా?

కింది మూత లేచింది, పైన ఇంకోటి ఉంది. అధిక పీడనం ఉన్న రోజుల్లో పై ఆకాశంలోని గాలి నెమ్మదిగా కిందికి కుంగుతుంది. కుంగే గాలి నొక్కుకుని వేడెక్కుతుంది. అలా కిలోమీటరు, కిలోమీటరున్నర ఎత్తులో మరో వెచ్చటి పొర ఏర్పడుతుంది. నేల దగ్గరి మూతను పొద్దుటి ఎండ తీసేస్తుంది గానీ దీన్ని ఒక్క రోజులో తీయలేదు. ఏ పూటకాపూట పొగ దాని కింద కలుస్తూ మూడు నాలుగు రోజుల్లో ఆకాశం నీలం పోయి పాలిపోతుంది. దీనికి గాలి దిశ మారాలి, లేదా వాన రావాలి.

ఢిల్లీలో వారాల తరబడి ఉంటుంది, మనకు మధ్యాహ్నానికి పోతుంది. తేడా ఎక్కడ?

ముందు ఎండలో. సంక్రాంతి రోజుల్లో మధ్యాహ్నం తిరుపతిలో సూర్యుడు దిగంతం నుంచి దాదాపు 55 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, ఢిల్లీలో 40 డిగ్రీలే. పైగా అక్కడ మంచు రోజుల తరబడి ఎండను అడ్డుకుంటుంది, హిమాలయాల వల్ల మైదానంలో గాలి మందగిస్తుంది, అక్టోబరు, నవంబరుల్లో పంజాబ్, హర్యానా పొలాల్లో తగలబెట్టే గడ్డి పొగ తోడవుతుంది. మనకు కింది మూత ఏ రోజుకారోజు లేస్తుంది. 1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు లండన్‌లో అది లేవలేదు. బొగ్గు పొగ ఐదు రోజులు ఊరి మీదే నిలిచింది, అప్పటి లెక్కల్లోనే దాదాపు 4000 మంది అదనంగా చనిపోయారు.

## మన పనులు

యాప్‌లో ‘సంతృప్తికరం’ అని ఉంది, నాకేమో ఊపిరి ఆడటం లేదు. ఏది నమ్మాలి?

రెండూ నిజమే. యాప్‌లో కనిపించే గాలి నాణ్యత సూచీ ఏక్యూఐకి పీఎం 2.5 లెక్క గడిచిన 24 గంటల సగటు. పొద్దున మూడు గంటలు 150, రాత్రి నాలుగు గంటలు 90, మిగతా 17 గంటలు 35 ఉందనుకోండి. సగటు 58.5 వస్తుంది. 60 లోపు కాబట్టి ‘సంతృప్తికరం’. కానీ ఆ మూడు గంటల గాలే రోజంతా ఉంటే ‘చాలా అధ్వానం’ కింద పడేది, ఎందుకంటే ఆ వర్గం 121 నుంచి 250 వరకు. వాకింగ్‌కి వెళ్లాలా వద్దా అని తేల్చుకోవడానికి సగటు పనికిరాదు. కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైటులో స్టేషన్ వారీగా గంటగంటకు వచ్చే పీఎం 2.5 అంకె చూడండి. వారం రోజులు చూస్తే మీ ఊరి పద్ధతి అర్థమవుతుంది.

వాకింగ్ ఏ వేళకు మార్చుకోవాలి?

డిసెంబరు నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా, ఆకు కదలని తేట పొద్దులైతే 9 తర్వాత. పొద్దున అంత ఆలస్యం కుదరనివాళ్లు సాయంత్రం 4 నుంచి 5:30 మధ్య వెళ్లొచ్చు. గాలి ఇంకా బాగా కలిసి ఉంటుంది, ఎండ తగ్గి ఉంటుంది. రాత్రి భోజనం ముందు 7, 8 గంటల నడక మంచిదనుకుంటారు గానీ, అప్పటికే మూత పడి, ట్రాఫిక్ పొగ దాని కింద ఉంటుంది. గాలి వీస్తున్న పొద్దున, మబ్బు పట్టిన పొద్దున మీ పాత టైమే ఉంచుకోవచ్చు. ‘తెల్లవారుజాము గాలి స్వచ్ఛం’ అన్నది పొలాల మధ్య పల్లెకు సరిపోయే మాట, బస్టాండు పక్క వీధికి కాదు.

కిటికీలు ఎప్పుడు తీయాలి?

పొద్దున లేవగానే తీసే అలవాటును ఈ మూడు నెలలు వాయిదా వేసుకోండి. 10 తర్వాత తీసి, సాయంత్రం 5 లోపు వేసేయండి. ఇంట్లో గ్యాస్ పొయ్యి, సాంబ్రాణి, దోమల చుట్ట పొగ కూడా ఉంటుంది కాబట్టి రోజంతా మూసి ఉంచడం సరికాదు. మూసిన గదిలో చలికి బొగ్గుల కుంపటి మాత్రం పెట్టకండి. దాని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

మాస్క్ పనిచేస్తుందా?

ముక్కుకు, చెంపలకు గాలి సందు లేకుండా అతికే ఎన్ 95 అయితే సన్నటి కణాలను ఆపుతుంది. గుడ్డ, కర్చీఫ్, సర్జికల్ మాస్క్ పెద్ద దుమ్మును ఆపుతాయేమో గానీ వీటిని అంతగా ఆపవు. వాయువులను ఎన్ 95 కూడా ఆపదు.

పెద్ద ఫ్యాన్లు, స్మాగ్ టవర్లు పెట్టి పొగ తీసేయలేమా? రోడ్ల మీద నీళ్లు చల్లితే?

ఢిల్లీ కన్నాట్ ప్లేస్‌లో 2021లో పెట్టిన టవర్ సామర్థ్యం సెకనుకు 1000 ఘనపు మీటర్లు. 5 కిలోమీటర్ల పొడవూ వెడల్పూ ఉన్న ఊరి మీద 150 మీటర్ల ఎత్తు పొరలో ఉండేది 375 కోట్ల ఘనపు మీటర్లు. అది ఒక్కసారి వడకట్టడానికే ఒక టవర్‌కు 43 రోజులు పడుతుంది. ఈలోగా పొగ పుడుతూనే ఉంటుంది. పోనీ కింది గాలిని వేడి చేసి మూతే లేపుదామంటే, చదరపు మీటరుకు 4 లక్షల జౌళ్ల చొప్పున ఆ ఊరికి సుమారు 28 లక్షల యూనిట్ల కరెంటు కావాలి, అదీ ఒక్క పొద్దుకు. ఎండ ఆ పని ఉచితంగా చేస్తోంది. నీళ్లు చల్లితే రోడ్డు దుమ్ము లేవదు, అంత మటుకు మేలే. గాల్లో ఉన్న సన్నటి పొగను అది దించలేదు.

మూతను మనం కదపలేం. దాని కిందికి చేరే పొగను తగ్గించగలం, ముఖ్యంగా సాయంత్రం 6 నుంచి పొద్దున 9 మధ్య. ఊడ్చిన చెత్తను పొద్దున్నే తగలబెట్టడం నేను చూసినంతలో అన్నిటికంటే తెలివితక్కువ పని. మధ్యాహ్నం తగలబెట్టినా తప్పే, కాకపోతే పొద్దున పక్కింటివాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోయేది పది రెట్లు.

దీన్ని కొలిచేవాళ్లు మన దగ్గర ఉన్నారా?

ఉన్నారు. తిరుపతికి దగ్గర్లోనే గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. వాతావరణ పొరలను చదివే ఎంఎస్‌టీ రాడార్ 1990ల మొదట్లో అక్కడే వచ్చింది. బెలూన్‌కు కట్టి పంపే రేడియోసాండ్ పైకి పోతూ ప్రతి ఎత్తులో ఉష్ణోగ్రత, తేమ పంపుతుంది. ఆ ఉష్ణోగ్రతలతో గీసిన గీత నేల దగ్గర కుడివైపుకు వాలితే, అంటే ఎత్తుతో పాటు వేడి పెరిగితే, విలోమం ఉన్నట్టు. లైడార్ లేజర్ వెలుగును పైకి పంపి, పొగ పొర ఎంత ఎత్తు దాకా ఉందో వెనక్కి వచ్చిన వెలుగును బట్టి చెబుతుంది.

ఇదంతా ఎప్పటికి సర్దుకుంటుంది?

మాఘ పౌర్ణమి దాటాక తేడా తెలుస్తుంది. మార్చికి రాత్రి పొట్టిదవుతుంది, పొద్దు 6:20 ప్రాంతానికే వస్తుంది, ఎండకు బలం పెరుగుతుంది. విలోమం అప్పుడు కూడా చాలా రాత్రులు ఏర్పడుతుంది, కానీ 8 కొట్టేసరికి లేచిపోతుంది. శివరాత్రి తర్వాత పొద్దుటి వాకింగ్ పాత టైముకు మార్చుకున్నా ఇబ్బంది ఉండదు.